భూకంపం ఆగినా ఆగని ముల్లు

2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు జిల్లాలో భూమి కంపించింది. తీవ్రత 5.3. హైదరాబాదులోనూ విజయవాడలోనూ మంచాలు కదిలాయి, గిన్నెలు చప్పుడు చేశాయి. జనం ఇళ్లలోంచి బయటికి వచ్చేసరికే కుదుపు అయిపోయింది. ఇలాంటి రోజున భూకంప కేంద్రాల్లో గీతలు పైకీ కిందికీ లేస్తాయి. ఆ గీతలు టీవీలో చూసినప్పుడు ఒక ప్రశ్న చాలామందికి తట్టదు. ఆ గీత పూర్తిగా భూమిదేనా? అందులో కొంత యంత్రం తనంతట తాను ఊగిన ఊపు కలిసిందా?

ఈ అనుమానం ఊరికే పుట్టింది కాదు. భూకంపాలను రాసే యంత్రాలు వచ్చిన మొదటి కాలంలో ఇదే పెద్ద చిక్కు. పాత సిస్మోగ్రాఫ్‌లో ఉన్నది స్థూలంగా ఇంతే: చట్రానికి వదులుగా వేలాడదీసిన ఒక బరువు, దానికి ఒక ముల్లు, ముల్లు కింద నెమ్మదిగా కదిలే కాగితం. భూమి కదిలితే చట్రం దాంతోపాటే కదులుతుంది. బరువు మాత్రం జడత్వం వల్ల వెంటనే కదలదు. ఈ రెండింటికీ మధ్య వచ్చే తేడానే ముల్లు కాగితం మీద గీస్తుంది. ఆలోచన బాగానే ఉంది. కానీ వేలాడదీసిన ఏ బరువుకైనా తనదంటూ ఒక ఊపు ఉంటుంది. ఒక్కసారి కదిలిస్తే ఉయ్యాల దిగిపోయినా ఊగుతున్నట్టే అదీ ఊగుతూ ఉంటుంది. భూమి ఆగిపోయాక కూడా ముల్లు రాస్తూనే ఉంటే ఆ రాతలో భూమి ఎంతవరకు, లోలకం ఎక్కడినుంచి అన్నది చూసేవాడికి తెలియదు.

జాన్ మిల్న్ అనే ఇంగ్లిషు శాస్త్రజ్ఞుడు జపానులో పనిచేస్తూ రూపొందించిన సిస్మోగ్రాఫ్‌లు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ప్రపంచమంతా పాకాయి. భూకంప విజ్ఞానానికి ఆయన చేసిన మేలు చిన్నది కాదు. అయితే ఆ లోలకాలను అణిచే ఏర్పాటు దాదాపు లేదు. అందుకే ఆ రికార్డుల్లో భూకంపం ఉన్నదానికంటే ఎక్కువసేపు సాగినట్టు కనిపించేది. జర్మనీలోని గోటింగెన్‌లో ఎమిల్ వీషెర్ట్ దీనికి మందు కనిపెట్టాడు. టన్ను బరువున్న తన లోలకానికి గొట్టంలో ఆడే ముషలకాలు, అంటే పిస్టన్లు, తగిలించాడు. బరువు కదిలినప్పుడల్లా పిస్టన్ గాలిని నెట్టాలి. గాలి ఎదురు తిరుగుతుంది. లోలకం ఊపు త్వరగా చస్తుంది. తర్వాత కొద్ది ఏళ్లకే రష్యాలో బోరిస్ గలిట్సిన్ అయస్కాంతంతో అదే పని చేయించాడు. అయస్కాంత ధ్రువాల మధ్య రాగి పలక కదిలితే అందులో విద్యుత్ ప్రవాహాలు పుట్టి ఆ కదలికకే అడ్డుపడతాయి. ఏ రాపిడీ లేకుండా, ఏదీ ఏదానికీ తగలకుండా అడ్డుకోవడం ఇందులోని గొప్ప.

ఇలా ఊపును అణచడాన్నే డ్యాంపింగ్ అంటారు. మన ఇంటర్ పుస్తకాల్లో అవరుద్ధ డోలనాలు అని చదువుకున్నది దీని గురించే. ఎంత అణచాలి అన్నదగ్గరే అసలు కథ ఉంది. ఎక్కువ అణిస్తే అంత మంచిదని మొదట అనిపిస్తుంది. అది నిజం కాదు.

ఒక లోలకాన్ని తీసుకుందాం. దాని ఒక పూర్తి ఊపుకు 12 సెకన్లు పడుతుంది. పాత పెద్ద యంత్రాలకు ఇది మామూలే. ముల్లును సున్నా గీత నుంచి 40 మిల్లీమీటర్లు పక్కకు లాగి చప్పున వదిలేద్దాం. ఇదే విడుదల పరీక్ష. డ్యాంపర్ తీసేసి వదిలితే కాగితం మీద గీత సున్నాను దాటి అవతలికి పోతుంది, తిరిగి ఇవతలికి వస్తుంది. ప్రతి రాకలో ఎత్తు కొంచెం తగ్గుతుంది. ఇది అండర్ డ్యాంప్డ్ చలనం. అడ్డు ఉంది కానీ చాలదు.

ఇప్పుడు డ్యాంపర్ పెట్టి మెల్లమెల్లగా బిగిస్తూ పోదాం. అవతలికి పోయే దూరం తగ్గుతూ తగ్గుతూ ఒకచోట సున్నా అయిపోతుంది. ముల్లు సున్నా గీతకు వస్తుంది కానీ దాన్ని దాటదు. దాటకుండా వీలైనంత త్వరగా వచ్చేది ఈ స్థితిలోనే. ఇది క్రిటికల్ డ్యాంపింగ్. మన లోలకం 40 మిల్లీమీటర్ల నుంచి అందులో వందో వంతుకు, అంటే 0.4 మిల్లీమీటర్లకు, దిగడానికి ఇక్కడ 12.7 సెకన్లు పడుతుంది. అటూ ఇటూగా ఒక ఊపు కాలం.

ఇంకా బిగిద్దాం. అడ్డును క్రిటికల్‌కు మూడు రెట్లు చేద్దాం. ఇప్పుడూ ముల్లు సున్నాను దాటదు. కానీ అదే 0.4 మిల్లీమీటర్లకు చేరడానికి 52 సెకన్లు పడుతుంది. నాలుగు రెట్లు ఆలస్యం. ఇది ఓవర్ డ్యాంప్డ్. కారణం సులువే. బరువును సున్నాకు లాగే బలం పాతదే, పెరగలేదు. దాన్ని అడ్డుకునే బలం మాత్రం మూడింతలైంది. దాంతో బరువు చిక్కటి తారులో పడ్డట్టు ఈడ్చుకుంటూ వస్తుంది. అడ్డు పెంచేకొద్దీ ఊపు త్వరగా చావడం క్రిటికల్ వరకే. అక్కడ దాటితే లెక్క తిరగబడుతుంది. ఇలాంటి సిస్మోగ్రాఫ్‌లో మొదటి తరంగం తాకినప్పుడు ముల్లు పక్కకు జరిగి, అది తిరిగి వచ్చేలోపే తర్వాతి తరంగం వచ్చేస్తుంది. రెండూ ఒకదానిమీద ఒకటి పడి రాత చెదిరిపోతుంది.

ఈ మూడింటినీ ఒక్క అంకెతో చెప్పవచ్చు. ఉన్న అడ్డును క్రిటికల్ అడ్డుతో భాగిస్తే వచ్చేది డ్యాంపింగ్ నిష్పత్తి. దీన్ని ζ అని రాస్తారు, జీటా అని చదువుతారు. ఒకటి కన్నా తక్కువైతే ఊగుతుంది, ఒకటైతే క్రిటికల్, ఒకటి దాటితే ఈడ్చుతుంది. యంత్రం మీద ఈ అంకె ఎక్కడా కనబడదు. పిస్టన్ గొట్టంలో ఎంత సందుందో, అయస్కాంతం ఎంత బలంగా ఉందో కొలిచి దీన్ని లెక్కగట్టబోతే తలకు మించిన పని. విడుదల పరీక్ష రికార్డు మాత్రం దీన్ని చెప్పేస్తుంది. స్కేలు, లాగరిథమ్ పట్టిక ఉంటే చాలు.

డ్యాంపర్ తీసేసిన లోలకం రికార్డులో ఒకే వైపు వచ్చిన శిఖరాలు వరుసగా 40, 34, 29, 24.6, 21 మిల్లీమీటర్లు అనుకుందాం. ప్రతి రెండింటి మధ్యా 12 సెకన్లు. మొదటి దాన్ని రెండోదానితో భాగిస్తే 1.18, రెండోదాన్ని మూడోదానితో భాగిస్తే 1.17, తర్వాత 1.18, ఆ తర్వాత 1.17. ప్రతి ఊపులో తగ్గిన మిల్లీమీటర్లు మారుతున్నాయి గానీ నిష్పత్తి మారడం లేదు. ఎందుకంటే ఇక్కడ అడ్డు వేగాన్ని బట్టి ఉంటుంది. పెద్ద ఊపులో వేగం ఎక్కువ, అడ్డూ ఎక్కువ, పోయేదీ ఎక్కువ. చిన్న ఊపులో అన్నీ తక్కువ. చివరికి ప్రతి ఊపూ తన దగ్గరున్నదాంట్లో ఒకే వంతు పోగొట్టుకుంటుంది. ఈ నిష్పత్తికి సహజ సంవర్గమానం తీస్తే వచ్చేదాన్ని లాగరిథమిక్ డిక్రిమెంట్ అంటారు. గుర్తు δ.

పక్కపక్క శిఖరాలనే పట్టుకుని లెక్క చేస్తే ఒక ప్రమాదం ఉంది. చివరి శిఖరం 21కి బదులు 21.5గా చదివామనుకోండి. అర మిల్లీమీటరు పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. 24.6ను 21.5తో భాగించి లాగరిథమ్ తీస్తే 0.135 వస్తుంది. రావలసింది 0.158. దాదాపు 15 శాతం తప్పు. అందుకని మొదటి శిఖరాన్నీ చివరి శిఖరాన్నీ తీసుకుని, మధ్యలో ఎన్ని ఊపులున్నాయో దానితో భాగిస్తారు:

δ = (1/4) × ln(40/21) = 0.161

ఇలా చేస్తే అదే అర మిల్లీమీటరు తప్పు నాలుగు ఊపుల మీద పంచుకుపోయి 4 శాతం లోపే మిగులుతుంది. δ నుంచి ζ రాబట్టే సూత్రం ఇది:

ζ = δ / √(4π² + δ²)

మన అంకె వేస్తే ζ = 0.026. అంటే క్రిటికల్‌కు కావలసిన అడ్డులో రెండున్నర శాతమే ఈ లోలకానికి ఉంది. సెకనుకు ఎంత చొప్పున ఊపు చస్తోందో కావాలంటే δను ఊపు కాలంతో భాగించాలి. 0.161ని 12తో భాగిస్తే సెకనుకు 0.0134. ఈ చొప్పున ఊపు సగానికి రావడానికి 52 సెకన్లు, వందో వంతుకు రావడానికి సుమారు 343 సెకన్లు. దాదాపు ఆరు నిమిషాలు! కొన్ని సెకన్ల కుదుపు కాగితం మీద ఆరు నిమిషాల భూకంపంగా కనిపించేది ఇందుకే. డ్యాంపర్ లేని యంత్రాలతో పని చేసినవాళ్లు భూకంపం ఎంతసేపు నడిచిందో రాసిన అంకెల్ని నేనైతే అనుమానంతోనే చదువుతాను.

ఒకటి గమనించాలి. ఈ లెక్కంతా నిష్పత్తి మారకుండా ఉంటేనే నిలుస్తుంది. మారుతుంటే రికార్డు మరేదో చెబుతోందన్నమాట. వీషెర్ట్ యంత్రంలో ముల్లు పొగ పట్టించిన కాగితం మీద మసిని గీరుతూ రాసేది. గీరడం అంటే రాపిడి. ఈ రాపిడి గాలి అడ్డు లాంటిది కాదు. వేగం ఎంతైనా దాని బలం ఒకటే. అలాంటి రాపిడి ఎక్కువైన యంత్రంలో శిఖరాలు 40, 34, 28, 22, 16 ఇలా దిగుతాయి. ప్రతిసారీ సమానంగా 6 మిల్లీమీటర్లు పోతున్నాయి. నిష్పత్తి చూస్తే 1.18, 1.21, 1.27, 1.38 అని పెరుగుతోంది. మొదటి రెండు శిఖరాలు మాత్రమే చూసినవాడికి ఇది పైన చూసిన లోలకమే. ఐదు చూసినవాడికి ముల్లు కాగితాన్ని గట్టిగా ఒత్తుతోందని తెలుస్తుంది. శిఖరాల కొసలు కలిపి చూస్తే మరీ తేలిక: గాలి అడ్డయితే వంపు తిరిగిన గీత, రాపిడి అయితే నిట్టనిలువు స్కేలు పెట్టి గీసినట్టు సూటి గీత. రాపిడి ఉన్న ముల్లు కచ్చితంగా సున్నా దగ్గరే ఆగుతుందన్న నమ్మకమూ లేదు. దారిలోనే ఎక్కడో పట్టుకుపోతుంది. వీషెర్ట్ అంత బరువు ఎత్తడానికి కారణాల్లో ఇదొకటి. టన్ను లోలకానికి ముల్లు రాపిడి లెక్కలోకి రాదు.

ఇంకో మోసం సున్నా గీతది. గది వేడెక్కినా, చట్రం ఒక వెంట్రుక వాసి వాలినా సున్నా పక్కకు జరుగుతుంది. అసలు సున్నాకు 2 మిల్లీమీటర్లు కింద గీత గీసి కొలిచామనుకోండి, మన శిఖరాలు 42, 36, 31, 26.6, 23 అవుతాయి. δ 0.161 కాకుండా 0.151 వస్తుంది. నిష్పత్తులు చూస్తే 1.17, 1.16, 1.17, 1.16. ఏ అనుమానమూ రాదు. ఈ తప్పు తనను తాను బయటపెట్టుకోదు, అదే దీంతో చిక్కు. దీనికి విరుగుడు సున్నాతో పని లేకుండా కొలవడం. పై శిఖరం నుంచి దాని వెంటే వచ్చిన కింది లోయ వరకు ఉన్న పూర్తి ఎత్తు కొలవాలి. సున్నా ఎక్కడున్నా ఆ ఎత్తు మారదు. అలా ప్రతి ఊపుకూ కొలిచి వాటి నిష్పత్తి తీసుకుంటే చాలు.

ఇంతవరకు డ్యాంపర్ లేని లోలకం. డ్యాంపర్ బిగించాక పరీక్ష చేస్తే కొత్త ఇబ్బంది ఎదురవుతుంది. వరుస శిఖరాలు అనడానికి శిఖరాలే ఉండవు. 40 మిల్లీమీటర్ల దగ్గర వదిలిన ముల్లు అవతలికి 2 మిల్లీమీటర్లు పోయి, ఇవతలికి వచ్చేసరికి పదో వంతు మిల్లీమీటరు మిగులుతుంది. అది గీత మందంలోనే కలిసిపోతుంది. అందుకని భూకంప శాస్త్రజ్ఞులు ఒకే వైపు శిఖరాలను వదిలేసి ఎదురెదురు శిఖరాలను పట్టుకున్నారు. ఇక్కడ 40కి 2, అంటే 20కి 1. మిల్న్ యంత్రాన్ని జె.జె. షా అయస్కాంత డ్యాంపింగ్‌తో మెరుగుపరిచాక వచ్చిన మిల్న్-షా సిస్మోగ్రాఫ్‌లను ఈ 20:1కే సరిచేసి ఉంచేవారు.

20కి సహజ సంవర్గమానం 3.0. ఇది సగం ఊపుకు వచ్చినది కాబట్టి సూత్రంలో 2π బదులు π వేయాలి:

ζ = 3.0 / √(π² + 3.0²) = 0.69

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. డ్యాంపింగ్ కొద్దిగా ఉన్నప్పుడు కింద వర్గమూలం జోలికి పోకుండా δను నేరుగా 2πతో భాగించినా జవాబు మారదు. పైన మనం చేసిన 0.026 అలా చేసినా 0.026 గానే వస్తుంది. ఆ అలవాటుతో ఇక్కడ కూడా 3.0ను πతో భాగిస్తే 0.95 వస్తుంది. దాదాపు క్రిటికల్ అని సంతోషించి డ్యాంపర్‌ను అక్కడే వదిలేస్తారు. అసలు అంకె 0.69. అలాగే ఊపు కాలం కూడా. డ్యాంపర్ లేనప్పుడు 12 సెకన్లున్న ఊపు ఈ డ్యాంపింగ్‌తో 16.6 సెకన్లకు సాగుతుంది. యంత్రం సొంత కాలం తెలుసుకోవాలంటే డ్యాంపర్ విప్పి కొలవడం అందుకే ఆనవాయితీ.

మరి 20:1 ఎందుకు? క్రిటికల్ అంత చక్కనిదైతే అక్కడే ఎందుకు ఆగలేదు? దాటకుండా రావాలన్న పట్టుదలకు కొంత ధర ఉంది. క్రిటికల్ లోలకం మొదటి 40 మిల్లీమీటర్ల నుంచి 5 శాతం లోపలికి, అంటే 2 మిల్లీమీటర్ల లోపలికి, రావడానికి 9 సెకన్లు తీసుకుంటుంది. ζ 0.7 ఉన్న లోలకం సున్నాను దాటుతుంది నిజమే, కానీ దాటేది 5 శాతం లోపే. అందువల్ల అది ఐదున్నర సెకన్లకే ఆ హద్దులోకి వచ్చి మళ్లీ బయటికి పోదు. కాస్త దాటనిస్తే తొందరగా కుదురుకుంటుంది. దానికి తోడు, తన సొంత ఊపు కాలం కన్నా పొట్టి తరంగాలన్నిటినీ దాదాపు ఒకే మోతాదులో రాయాలంటే 0.7 దగ్గరే గీత చదునుగా ఉంటుంది. అంతకన్నా తగ్గిస్తే సొంత కాలానికి దగ్గరి తరంగాలు ఉబ్బిపోతాయి, పెంచితే అణగారిపోతాయి. నేటి బ్రాడ్‌బ్యాండ్ సిస్మోమీటర్లలో పొగ కాగితం లేదు, పిస్టన్ లేదు. బరువును ఎలక్ట్రానిక్ ఫీడ్‌బ్యాక్ పట్టి ఉంచుతుంది. అయినా ప్రపంచమంతా వాడిన ఎస్‌టీఎస్-2 యంత్రానికి కాలం 120 సెకన్లు, డ్యాంపింగ్ 0.707. ముల్లును వేలితో లాగి వదలడానికి బదులు కొలతకని పెట్టిన తీగచుట్టలోకి ఒక చిన్న ప్రవాహం పంపి ఆపుతారు. తర్వాత చేసే లెక్క పాతదే.

ఈ పరీక్ష ఒక్కసారి చేసి మరిచిపోయేది కాదు. అయస్కాంతం బలం ఏళ్ల మీద తగ్గుతుంది, యంత్రానికీ యంత్రానికీ తేడా ఉంటుంది. దీనికి చాలా పేరున్న ఉదాహరణ రిక్టర్ స్కేలే. 1935లో చార్లెస్ రిక్టర్ తన కొలమానాన్ని కాలిఫోర్నియాలో వాడుకలో ఉన్న ఉడ్-ఆండర్సన్ సిస్మోగ్రాఫ్ మీద కట్టాడు. సన్నని టంగ్‌స్టన్ తీగకు తగిలించిన చిన్న రాగి స్తూపం, దాని చుట్టూ అయస్కాంతం. రాగి కదిలితే అయస్కాంతమే దాన్ని అణుస్తుంది. 100 కిలోమీటర్ల దూరంలోని భూకంపానికి ఈ యంత్రం 1 మిల్లీమీటరు ఎత్తు గీస్తే తీవ్రత 3 అని నిర్ణయించారు. యంత్రం ఊపు కాలం 0.8 సెకన్లు, డ్యాంపింగ్ 0.8, కదలికను 2800 రెట్లు పెద్దది చేసి చూపిస్తుందని పుస్తకాల్లో రాసుకున్నారు. అవి దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకం నుంచి పాఠ్యపుస్తకానికి నడిచాయి.

1990లో ఉర్‌హామర్, కాలిన్స్ అనే ఇద్దరు ఈ యంత్రాలనే పరీక్షించి లెక్క సరిచూశారు. డ్యాంపింగ్ 0.8 కాదు, 0.7కు దగ్గర అని తేలింది. పెద్దది చేసే పాళ్లు 2800 కాదు, 2080. ఈ రెండో తేడా ఒక్కటే తీవ్రత లెక్కలో 0.13 తేడా తెస్తుంది. 2800 అన్న నమ్మకంతో కంప్యూటరులో ఈ యంత్రాన్ని అనుకరించి లెక్కగట్టిన తీవ్రతల్లో ఆ తేడా చేరింది. ఇప్పుడు అంతర్జాతీయ ప్రమాణంలో స్థానిక తీవ్రత లెక్కకు 2080, 0.7 అంకెలే వాడుతున్నారు.